సగటు దగ్గర ఎవరూ లేరు

ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష. నూరు మార్కులకు పెట్టారు, ముప్పై మంది రాశారు. మార్కులన్నీ కూడి ముప్పైతో భాగిస్తే సగటు సుమారు 56.5 వచ్చింది. ఆ సంఖ్య వినగానే, క్లాసులో ఎక్కువ మంది యాభై, అరవై మధ్యలో ఉన్నారన్న బొమ్మ మన మనసులో పడుతుంది. కానీ ఈ క్లాసులో 54 నుంచి 61 వరకు ఏ మార్కూ ఎవరికీ రాలేదు. సగటు వేలు పెట్టి చూపిస్తున్న చోట ఒక్క పిల్లాడు కూడా లేడు.

ఈ సంగతి తెలుసుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. పెన్సిలు, చదరాల నోటుబుక్కు, పది నిమిషాల ఓపిక ఉంటే ఆరో తరగతి పిల్లలు కూడా కనిపెట్టగలరు. దానికి వాడే పద్ధతి కాండం-ఆకుల పటం. ప్రతి మార్కునూ రెండు ముక్కలు చేసి, పదుల అంకెను కాండంగా, ఒకట్ల అంకెను దానికి పూసిన ఆకుగా రాయడమే ఇందులోని కిటుకు.

క్లాసు ఉదాహరణ కోసం నేను కూర్చిందే. అయితే ఇలాంటి జాబితా ఏ బడి రిజిస్టరులోనైనా కనబడుతుంది. రోల్ నంబర్ల వరుసలో మార్కులు ఇవి:

```
36  75  82  34  91  40  73  27  88  35
62  38  75   8  80  45  31  96  71  34
84  23  79  53  36  68  42  75  29  86
```

దీన్ని ఎంతసేపు చూసినా పెద్దగా ఏమీ తోచదు. ఎక్కువ ఎంత, తక్కువ ఎంత అని వెతకడానికే కళ్లు అటూ ఇటూ పరుగెత్తుతాయి. ఇక్కడ పాఠ్యపుస్తకం నేర్పే మార్గం పౌనఃపున్య పట్టిక. 30 నుంచి 40 లోపు ఎంతమంది, 40 నుంచి 50 లోపు ఎంతమంది అని గణన చిహ్నాలు గీసి లెక్కపెడతాం. అది మంచి పద్ధతే. కానీ గీత గీసిన క్షణంలో అసలు మార్కు పోతుంది. 34 వచ్చినా ఒక గీతే, 38 వచ్చినా ఒక గీతే. మన దగ్గర పాస్ మార్కు నూటికి 35. ముప్పైల తరగతిలో ఏడుగురు ఉన్నారని పట్టిక చెబుతుంది. ఆ ఏడుగురిలో ఎవరు గట్టెక్కారు, ఎవరు ఆగిపోయారు అని అడిగితే మాత్రం దాని దగ్గర జవాబు ఉండదు. గీతకు బదులు ఒకట్ల అంకెనే రాస్తే పట్టిక పట్టికగానే ఉంటుంది, మార్కు మార్కుగానే ఉంటుంది. కాండం-ఆకుల పటం చేసేది అదే.

ఇప్పుడు కడదాం. ముందు అతి తక్కువ మార్కు, అతి ఎక్కువ మార్కు చూసుకోవాలి. ఇక్కడ 8, 96. ఎనిమిదిలో పదులు లేవు కాబట్టి దాని కాండం 0. తొంభై ఆరుకు కాండం 9. అంటే కాండాలు 0 నుంచి 9 వరకు కావాలి. వాటిని పై నుంచి కిందికి ఒకదాని కింద ఒకటి రాసి, కుడి పక్కన నిలువు గీత గీయాలి. పదుల్లో ఎవరికీ మార్కు రాలేదు కదా అని 1ని వదిలేయాలనిపిస్తుంది. వదలకూడదు. ఖాళీ వరుస కూడా ఒక సమాచారమే. అది లేకపోతే ఎనిమిది వచ్చిన పిల్లాడు ఇరవైల వాళ్ల పక్కనే ఉన్నట్టు కనిపిస్తాడు. నిజానికి అతనికీ తరువాతి వాడికీ మధ్య పదిహేను మార్కుల దూరం ఉంది.

తరువాత రిజిస్టరు వరుసలోనే ఒక్కొక్క మార్కూ తీసుకుని ఆకు రాసుకుంటూ పోవాలి. మొదటిది 36: మూడో కాండం పక్కన 6. తరువాత 75: ఏడో కాండం పక్కన 5. నలభైకి నాలుగో కాండం పక్కన 0 రాయాలి. సున్నా కదా అని మానేస్తే ఒక విద్యార్థి మాయమవుతాడు. 75 ముగ్గురికి వచ్చింది, కాబట్టి 5 మూడుసార్లు రాయాలి. ఒకసారి ఉంది కదా అని ఊరుకుంటే ఇద్దరు పోతారు. ఈ దశలో చిన్నదా పెద్దదా అని వరుస చూసుకోనక్కర్లేదు. రాసిన మార్కును రిజిస్టరులో పెన్సిలుతో టిక్ పెట్టుకుంటే చాలు. మూడు వరుసలూ అయ్యేసరికి ఇలా ఉంటుంది:

```
0 | 8
1 |
2 | 7 3 9
3 | 6 4 5 8 1 4 6
4 | 0 5 2
5 | 3
6 | 2 8
7 | 5 3 5 1 9 5
8 | 2 8 0 4 6
9 | 1 6
```

ఇది చిత్తు ప్రతి. ఇప్పుడు ప్రతి వరుసలోని ఆకులను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు సర్ది సాఫు ప్రతి రాయాలి:

```
0 | 8
1 |
2 | 3 7 9
3 | 1 4 4 5 6 6 8
4 | 0 2 5
5 | 3
6 | 2 8
7 | 1 3 5 5 5 9
8 | 0 2 4 6 8
9 | 1 6

3 | 4 అంటే 34 మార్కులు
```

చివరి వాక్యాన్ని చాలామంది పిల్లలు రాయడం మరచిపోతారు. అది లేకపోతే 3 | 4 అంటే 34 మార్కులా, 3.4 కిలోలా, 340 రూపాయలా అన్నది చూసేవాళ్లకు తెలియదు. పటానికి ఆ సూచిక తాళంచెవి లాంటిది, రాసి తీరాలి.

చదరాల నోటుబుక్కు ఎందుకన్నానో కూడా ఇక్కడే చెప్పాలి. ఒక్కో గడిలో ఒక్కో ఆకు రాస్తే ఆకులన్నీ సమాన దూరంలో ఉంటాయి. అప్పుడు వరుస పొడవే అక్కడెంతమంది ఉన్నారో చూపిస్తుంది. తెల్ల కాగితం మీద రాస్తే 1 ఇరుకుగా, 8 వెడల్పుగా పడి, ఐదుగురున్న వరుస ఆరుగురున్న వరుస కంటే పొడవుగా కనిపించవచ్చు. ఆకుల మధ్య కామాలు కూడా ఇదే కారణంతో పెట్టరు. గడులు సరిగ్గా వాడితే నోటుబుక్కును పక్కకు తిప్పి చూడండి. ఆకుల వరుసలు నిలబడి సోపాన చిత్రంలోని కమ్మీల్లా కనిపిస్తాయి, పైగా ప్రతి కమ్మీలో అసలు మార్కులు చదువుకోవచ్చు.

కట్టడం అయింది కాబట్టి సరిచూడాలి. ఆకులు లెక్కపెడితే ముప్పై రావాలి. 29 వస్తే ఎవరినో వదిలేశాం, 31 వస్తే ఎవరినో రెండుసార్లు రాశాం. అయితే లెక్క ముప్పైకి సరిపోయినా తప్పు ఉండవచ్చు. 75ను తొందరలో ఐదో కాండం పక్కన 7గా రాస్తే ఆకుల సంఖ్య మారదు, కానీ 75 కాస్తా 57 అయిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి మొత్తం కూడి చూడాలి. పటం నుంచి కూడడం సులువు. ప్రతి కాండాన్నీ దాని ఆకుల సంఖ్యతో గుణించి కూడితే 156 వస్తుంది, అవి పదులు కాబట్టి 1560. ఆకులన్నీ కూడితే 136. మొత్తం 1696. రిజిస్టరులోని మార్కులు కూడినా 1696 వస్తే, చేతి తప్పు దొర్లి ఉండే అవకాశం చాలా తక్కువ. దాన్ని ముప్పైతో భాగిస్తే మనం మొదట చెప్పుకున్న 56.5 వస్తుంది.

ఆ రోజు బడికి రాని పిల్లల సంగతి వేరు. వాళ్లకు సున్నా కాండం పక్కన సున్నా ఆకు పెట్టకూడదు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకోవడం, పరీక్షే రాయకపోవడం ఒకటి కాదు. వాళ్లను పటంలో చేర్చకుండా, కింద "ఆబ్సెంట్: ఇద్దరు" అని రాస్తే సరిపోతుంది. ఎవరికైనా నూటికి నూరు వస్తే కాండం 10, ఆకు 0. అంటే 9 కింద ఇంకో వరుస కావాలి.

ఇక చదవడం. పటాన్ని కాస్త దూరంగా పట్టుకుని ముందు ఆకారం చూడండి. ముప్పైల దగ్గర ఒక గుట్ట, డెబ్భైలు ఎనభైల దగ్గర ఇంకో గుట్ట. మధ్యలో యాభైల్లో ఒక్కడు, అరవైల్లో ఇద్దరు. ఇది ఒక క్లాసులా లేదు, ఒకే గదిలో కూర్చున్న రెండు క్లాసుల్లా ఉంది. సగటు ఈ రెండు గుట్టల మధ్య లోయలో పడింది, అందుకే అక్కడ ఎవరూ కనబడలేదు. మధ్యగతం కూడా అక్కడే పడుతుంది. ముప్పై మంది కాబట్టి క్రమంలో పదిహేనో మార్కు, పదహారో మార్కు తీసుకోవాలి. పై వరుస నుంచి ఆకులు లెక్కపెట్టుకుంటూ రండి: 1, 0, 3, 7, 3, 1. సరిగ్గా పదిహేను. పదిహేనో మార్కు 53, పదహారోది దాని కింది వరుసలోని మొదటి ఆకు, 62. రెంటి సగం 57.5, అదే మధ్యగతం. సగటు, మధ్యగతం దగ్గర దగ్గరగా ఉంటే అంతా నడుమ గుమిగూడి ఉన్నారని చాలామంది అనుకుంటారు. ఇక్కడ రెండూ ఒక మార్కు తేడాతో ఉన్నాయి, అయినా నడుమ ఖాళీ. ఒకే సంఖ్యతో క్లాసును చెప్పే కొలతలేవీ ఈ లోయను చూపించలేవు. దాన్ని కంటితో చూడాల్సిందే.

బాహుళకం వెతకడం ఇంకా తేలిక. ఒకే వరుసలో ఎక్కువసార్లు తిరిగి వచ్చిన ఆకు ఏడో కాండం పక్కనున్న 5, అంటే 75. వ్యాప్తి 96లోంచి 8 తీసేస్తే 88. ఇక్కడ ఒక మాట. ఆ 8 లేకపోతే అతి తక్కువ మార్కు 23 అవుతుంది, వ్యాప్తి 73కు పడిపోతుంది. ఒక్క పిల్లాడి మార్కుతో వ్యాప్తి అంతగా ఊగిపోతోందంటే, క్లాసు ఎంత చెదిరి ఉందో చెప్పడానికి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

నాకు ఈ పటంలో అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది మూడో కాండం. దాన్ని రెండుగా చీల్చి చూడండి. 0 నుంచి 4 వరకు ఆకులు ఒక వరుసలో, 5 నుంచి 9 వరకు ఆకులు తరువాతి వరుసలో రాయాలి.

```
3 | 1 4 4
3 | 5 6 6 8
```

చీలిక సరిగ్గా 35 దగ్గర పడింది. పై వరుసలోని ముగ్గురూ తప్పినవాళ్లు, కింది నలుగురూ గట్టెక్కినవాళ్లు. తప్పిన ముగ్గురిలో ఇద్దరికి 34, అంటే ఒక్క మార్కు. గట్టెక్కిన నలుగురిలో ఒకరికి 35, ఇద్దరికి 36. వీళ్లు కూడా అంచు మీదే నిలబడి ఉన్నారు. ఫలితాల కాగితం మీద మొదటివాళ్లు ఫెయిల్, రెండోవాళ్లు పాస్. పటం చూస్తే వాళ్లంతా ఒకే గుంపు, ఒకే రకమైన సాయం కావాల్సినవాళ్లు. టీచరు తన సాయంత్రపు క్లాసుకు పాస్ కాని ఏడుగురినే పిలిస్తే, 35, 36 వచ్చిన ముగ్గురు బయట మిగిలిపోతారు.

కాండాన్ని ఇలా చీల్చడం యూనిట్ పరీక్షల్లో తప్పనిసరి. ఇరవై మార్కుల పరీక్షకు కాండాలు 0, 1, 2 మాత్రమే. ముప్పై మందినీ ఆ మూడు వరుసల్లో కుక్కితే పొడవాటి రెండు వరుసలు తప్ప ఆకారమేమీ కనబడదు. ప్రతి కాండాన్నీ రెండుగా చీలిస్తే కొంత తెరిపి వస్తుంది. చీల్చడంలో ఒక నియమం ఉంది. ఒక కాండాన్ని చీలిస్తే అన్నిటినీ చీల్చాలి, ప్రతి ముక్కకూ సమానంగా ఐదేసి అంకెలు రావాలి. పైన నేను మూడో కాండాన్ని ఒక్కదాన్నే విడిగా చూపింది అంచును పరిశీలించడానికే. అసలు పటంలో అలా ఒక్కదాన్నే చీలిస్తే అక్కడ వరుసలు పొట్టివై ఆకారం అబద్ధం చెబుతుంది.

ఈ పద్ధతికి ప్రచారం తెచ్చినవాడు అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోనూ బెల్ ల్యాబ్స్‌లోనూ పనిచేశాడు. 1977లో వచ్చిన ఆయన పుస్తకం ఎక్స్‌ప్లొరేటరీ డేటా అనాలిసిస్ ద్వారా ఇది బడుల దాకా చేరింది. సూత్రాలు వేసి ఫలితం తేల్చే ముందు సంఖ్యలను పెన్సిలుతో రాసుకుని, వాటిలో అనుకోనిది ఏముందో వెతకాలని ఆయన పట్టుబట్టాడు. జపాన్ రైల్వే స్టేషన్లలోని చాలా టైంటేబుళ్లు కూడా ఇదే రూపంలో ఉంటాయి. ఎడమ పక్కన గంట, దాని వరుసలో రైళ్లు బయలుదేరే నిమిషాలు. వరుస పొడవు చూడగానే ఏ గంటలో రైళ్లు ఎక్కువో ప్రయాణికుడికి తెలిసిపోతుంది.

రెండు పరీక్షలను పోల్చాలంటే ఒకే కాండానికి రెండు పక్కలా ఆకులు పెట్టవచ్చు. మన క్లాసే కొన్ని వారాల తరువాత ఇంకో పరీక్ష రాసిందనుకుందాం, అదే ముప్పై మంది. పాత మార్కులు ఎడమన, కొత్తవి కుడిన. ఎడమ పక్క ఆకులను కాండం దగ్గర నుంచి బయటికి చదవాలి, అంటే చిన్న అంకె కాండానికి ఆనుకుని ఉంటుంది.

```
            8 | 0 |
              | 1 |
        9 7 3 | 2 | 8
8 6 6 5 4 4 1 | 3 | 2 5 7 9
        5 2 0 | 4 | 1 3 4 6 8 8
            3 | 5 | 0 2 5 7
          8 2 | 6 | 1 4
  9 5 5 5 3 1 | 7 | 0 3 4 6 8
    8 6 4 2 0 | 8 | 1 3 5 5 7
          6 1 | 9 | 0 2 4
```

కొత్త పరీక్షలో పదిహేనో మార్కు 57, పదహారోది 61, మధ్యగతం 59. పాతది 57.5. మధ్యగతం ఒక్కటే చూస్తే ఒకటిన్నర మార్కు పెరిగింది, అంతకు మించి ఏమీ జరగలేదనిపిస్తుంది. పటం చూడండి. ముప్పైల దగ్గరున్న గుట్ట నలభైలకు జరిగింది. 35 రానివాళ్లు ఏడుగురి నుంచి ఇద్దరికి తగ్గారు. డెబ్భై గానీ అంతకు మించి గానీ వచ్చినవాళ్లు మునుపూ పదముగ్గురే, ఇప్పుడూ పదముగ్గురే. అంటే మెరుగుదల దాదాపు అంతా కింది సగంలోనే జరిగింది. మధ్యగతం నడుమనున్న ఇద్దరినే చూస్తుంది కాబట్టి కింద జరిగిన ఈ కదలిక దానికి సరిగా అందలేదు.

అయితే ఈ పటంలో పేర్లు లేవు. పాత పరీక్షలో 34 తెచ్చుకున్న అమ్మాయికి ఇప్పుడు 48 వచ్చిందా, 32 వచ్చిందా అన్నది దీన్ని చూసి చెప్పలేం. ఎవరు ఎంత కదిలారో తెలియాలంటే రిజిస్టరే తెరవాలి. ఒక్క పిల్లాడి గురించి మాత్రం కొంత చెప్పగలం. కొత్త పరీక్షలో అందరికంటే తక్కువ 28. కాబట్టి మునుపు 8 వచ్చినవాడు ఎవరైనా సరే, ఈసారి కనీసం ఇరవై మార్కులు ఎక్కువ తెచ్చుకున్నాడు. మరో పరిమితి కారణాలకు సంబంధించింది. క్లాసు రెండు గుట్టలుగా చీలిందని పటం చూపించింది, ఎందుకు చీలిందో చెప్పలేదు. బీజగణితం అర్థంకాక ఒక గుంపు వెనకబడిందేమో, ఏడో తరగతి వేరే బడిలో చదివి వచ్చినవాళ్లేమో. దానికి జవాబు పేపర్లు తెరిచి ఏ ప్రశ్న దగ్గర ఎవరు ఆగిపోయారో చూడాలి. ఇక సంఖ్య పెరిగితే పటమే చేతికి దొరకదు. ముప్పై, యాభై, కష్టపడితే వంద మార్కుల వరకు బాగుంటుంది. జిల్లా మొత్తం పదో తరగతి మార్కులకు ఇది పనికిరాదు, ఒక్కో వరుసలో వేల ఆకులు రాయాలి. అక్కడ సోపాన చిత్రమే సరైనది.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పిల్లల చేత ఈ పటం తప్పక కట్టించండి, వాళ్లు తమ క్లాసు మార్కులతోనే దీన్ని త్వరగా నేర్చుకుంటారు. కానీ కట్టిన పటాన్ని గోడకు అంటించకండి. పేర్లు లేకపోయినా, సున్నా కాండం పక్కన ఒంటరిగా ఉన్న ఆ ఎనిమిది ఎవరిదో క్లాసులో ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. గోడ మీదికి వేరే సెక్షన్ మార్కులో, పిల్లల ఎత్తులో, నెలలో రోజువారీ ఉష్ణోగ్రతలో తీసుకోండి. అసలు మార్కుల పటం మీ డైరీలో ఉంచుకుని, ఆ ఎనిమిది వచ్చిన పిల్లవాణ్ని విడిగా పిలిచి కూర్చోబెట్టుకోండి.